ఈసీజీ సిగ్నల్లోంచి 50 హెర్ట్జ్ హమ్‌ను ట్విన్-టి నాచ్ ఫిల్టరుతో తీసేయడం ఎలా?

చివరి సంవత్సరం ప్రాజెక్టుల కాలం మొదలైతే నాకు రెండే రెండు ఫిర్యాదులు వస్తాయి. ఒకటి: "ఫార్ములా ప్రకారమే కట్టాను, అయినా హమ్ సగమే తగ్గింది." రెండోది: "హమ్ పోయింది గాని, దానితో పాటు ఈసీజీలో ఆర్ శిఖరం కూడా చితికిపోయింది." ఎవరికి వారు తమ సర్క్యూట్లో ఏదో వింత జరిగిందనుకుంటారు. వింతేమీ లేదు. మొదటిది విడిభాగాలు సరిగ్గా జతపడకపోవడం వల్ల వచ్చింది. రెండోది ఫీడ్‌బ్యాక్ లేకుండా కట్టడం వల్ల వచ్చింది. ట్విన్-టిలో నాచ్ లోతు వేరు, నాచ్ వెడల్పు వేరు. లోతును రెసిస్టర్లు, కెపాసిటర్లు ఎంత చక్కగా సరిపోలాయన్నది తేలుస్తుంది. వెడల్పును ఫీడ్‌బ్యాక్ తేలుస్తుంది. ఈ రెంటినీ విడివిడిగా చూడటం అలవాటైతే మిగతాదంతా ఓపికతో చేసే పనే.

ఇక్కడ చెప్పేది ఛాతీ మీదో చేతుల మీదో ఎలక్ట్రోడ్లు పెట్టి తీసే ఈసీజీ కోసం, మన దేశంలోని 50 హెర్ట్జ్ కరెంటు కోసం. అమెరికాలోనో కెనడాలోనో ఉండి చదువుతున్నవారికి 60 హెర్ట్జ్ కాబట్టి రెసిస్టర్లలో మాత్రమే మార్పు కావాలి. దాన్ని విలువల దగ్గర చెబుతాను.

ముందు ఒక హెచ్చరిక

మనిషికి తగిలించే ఏ సర్క్యూట్ అయినా బ్యాటరీ మీదే నడవాలి. ఆసిలోస్కోపు గ్రౌండు క్లిప్పు గోడ ప్లగ్గులోని ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఛార్జరుకు తగిలించిన ల్యాప్‌టాప్‌నూ నమ్మలేం. అందువల్ల కింద చెప్పిన సర్దుబాట్లు, కొలతలు అన్నీ జనరేటరుతోనే, మనిషిని దూరంగా ఉంచి చేయండి. చివర మనిషి మీద చూసేటప్పుడు ఛార్జరు తీసేసిన ల్యాప్‌టాప్‌లోకి గాని, బ్యాటరీతో నడిచే చేతి స్కోపులోకి గాని తీసుకోండి. ప్రతి ఎలక్ట్రోడ్ తీగకూ వరసలో 100 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉండాలి. ఇది నేర్చుకోవడానికి కట్టేది. దీంట్లో కనిపించిన గీతను చూసి ఎవరి గుండె గురించీ తీర్పు చెప్పకండి.

ఏమేం కావాలి

- 68 నానోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్లు కనీసం పది. వాడేది నాలుగే, మిగతావి ఏరుకోవడానికి. ఒంటి మీద 683 అని ఉంటుంది. పక్కన జె అక్షరం ఉంటే 5 శాతం తేడా, కె ఉంటే 10 శాతం. జె ఉన్నవే అడగండి.
- 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు: 47 కిలో, 39 కిలో, 18 కిలో, 9.1 కిలో, 1 కిలో, 5.6 కిలో, 330 కిలో, 100 కిలో.
- ఇరవై అయిదు చుట్లు తిరిగే ప్రీసెట్లు: 20 కిలో ఒకటి, 10 కిలో ఒకటి. ఒక్క చుట్టు ప్రీసెట్‌తో ఈ పని కాదు. స్క్రూడ్రైవరు తీసేలోపే విలువ జారిపోతుంది.
- టీఎల్ 074 ఆప్-ఆంప్ ఒకటి. దాంట్లో నాలుగు ఉంటాయి, నాలుగూ వాడతాం.
- ఏడీ 620 ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయరు. ఐఎన్ఏ 128 ఉన్నా సరే, కాకపోతే గెయిన్ రెసిస్టరును దాని డేటాషీటు చూసి లెక్కగట్టుకోవాలి.
- 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటరు. ఎలక్ట్రోలిటిక్ వద్దు.
- 9 వోల్టుల బ్యాటరీలు రెండు, కెపాసిటరు కొలిచే మీటరు, ఫంక్షన్ జనరేటరు, ఆసిలోస్కోపు.

గోధుమ రంగు బిళ్ల సిరామిక్ కెపాసిటర్లు చవక, చేతికి అందుబాటులోనూ ఉంటాయి. ఈ విలువలో వాటిని వాడకండి. గది వేడెక్కితే విలువ మారుతుంది, పొద్దున కుదిర్చిన నాచ్ మధ్యాహ్నానికి పక్కకు జరుగుతుంది. పాలీప్రొపిలీన్ దొరికితే అన్నిటికన్నా మేలు. మామూలు పాలియెస్టర్ కూడా సరిపోతుంది.

1. నాచ్‌ను ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయించుకోండి

ఎలక్ట్రోడ్ల నుంచి వచ్చిన తీగలను నేరుగా ట్విన్-టికి కలపడం మొదటి పెద్ద తప్పు. చర్మం, ఎలక్ట్రోడ్ కలిసిన చోట నిరోధం వేల ఓమ్‌లలో ఉంటుంది, పైగా రెండు వైపులా సమానంగా ఉండదు. ట్విన్-టి సరిగ్గా పనిచేయాలంటే దానికి సిగ్నల్ ఇచ్చే వైపు నిరోధం దాదాపు సున్నా కావాలి, తీసుకునే వైపు చాలా ఎక్కువ ఉండాలి. కాబట్టి దానికి ముందూ వెనకా ఆప్-ఆంప్ ఉండి తీరాలి.

రెండో తప్పు దీనికి వ్యతిరేక దిశలో జరుగుతుంది: మొత్తం వెయ్యి రెట్లు పెంచేసి, ఆ తర్వాత నాచ్ పెట్టడం. హమ్ పెద్దగా ఉంటే ఆంప్లిఫయరు బ్యాటరీ వోల్టేజీ అంచుకు కొట్టుకుని తరంగం తల, తోక తెగిపోతాయి. అలా తెగిన చోట ఈసీజీ ఉండదు. లేనిదాన్ని ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు. పైగా తెగిన తరంగం నుంచి 150, 250 హెర్ట్జ్ ముక్కలు కొత్తగా పుడతాయి. అవి నాచ్‌ను దాటిపోతాయి.

అందుకే వరస ఇలా ఉండాలి. ఏడీ 620కి 5.6 కిలో గెయిన్ రెసిస్టరు పెడితే సుమారు 9.8 రెట్లు పెరుగుతుంది. ఎలక్ట్రోడ్ల దగ్గర 300 మిల్లీవోల్టుల దాకా డీసీ తేడా రావచ్చు. అదీ పది రెట్లయితే 3 వోల్టులు, బ్యాటరీలు తట్టుకుంటాయి. అందుకే ఇక్కడ పది రెట్ల దగ్గరే ఆగాం. తర్వాత 1 మైక్రోఫారడ్, 330 కిలో జంట ఆ డీసీని ఆపేస్తుంది, 0.5 హెర్ట్జ్ పై నుంచి వదులుతుంది. దాని వెనక టీఎల్ 074లోని మొదటి ఆప్-ఆంప్ బఫరు. అప్పుడు ట్విన్-టి. దానికి రెండు ఆప్-ఆంప్‌లు కావాలి. చివరి ఆప్-ఆంప్‌ను 1 కిలో, 100 కిలోలతో 101 రెట్లకు పెట్టండి. 1 మిల్లీవోల్టు ఆర్ శిఖరం చివరికి దాదాపు 1 వోల్టు అవుతుంది.

2. విలువలు తేల్చుకోండి

నాచ్ పడే చోటును చెప్పే సూత్రం ఇదొక్కటే:

f0 = 1 / (2πRC)

చాలామంది C = 100 నానోఫారడ్లు అనుకుని మొదలుపెడతారు. అప్పుడు R = 31.83 కిలో వస్తుంది. అలాంటి రెసిస్టరు బజారులో ఉండదు, అక్కడే ఆగిపోతారు. 68 నానోతో మొదలుపెడితే R = 46.8 కిలో వస్తుంది. ఏ దుకాణంలోనైనా దొరికే 47 కిలోతో 49.8 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మిగిలిన కాస్త తేడాను ప్రీసెట్ సర్దుతుంది. 60 హెర్ట్జ్ దేశాల్లో ఉన్నవారికి అదృష్టం ఇంకా బాగుంది: అదే 68 నానోకు 39 కిలో పెడితే లెక్క ప్రకారం 60.01 హెర్ట్జ్. (R1, R3 శాఖల్లోని స్థిర రెసిస్టర్లను కూడా అదే పాళ్లలో తగ్గించుకోండి.)

ట్విన్-టిలో రెండు టీలు ఉంటాయి. ఒకదానిలో R1, R2 వరసగా ఉండి, వాటి మధ్య నుంచి C3 కిందికి దిగుతుంది. రెండోదానిలో C1, C2 వరసగా ఉండి, వాటి మధ్య నుంచి R3 కిందికి దిగుతుంది. C3 విలువ 2C ఉండాలి, R3 విలువ R/2 ఉండాలి. 136 నానో ఎక్కడ దొరుకుతుందని వెతక్కండి. రెండు 68 నానోలను సమాంతరంగా కలిపితే అదే.

3. కెపాసిటర్లను ఏరండి

మొత్తం పనిలో ఎక్కువమంది దాటవేసేది ఇదే, ఫలితాన్ని తేల్చేదీ ఇదే. పది కెపాసిటర్లను మీటరుతో కొలిచి, ప్రతిదాని విలువనూ చిన్న కాగితం ముక్క మీద రాసి దాని కాలికి గుచ్చండి. కొలిచేటప్పుడు ఒంటిని వేళ్లతో పట్టుకోకండి, చేతి వేడికి కూడా అంకె కదులుతుంది. నా దగ్గర ఒకసారి తీసిన పదింటిలో 66.1 నుంచి 69.7 దాకా వచ్చాయి. అయినా 67.2, 67.3, 67.3, 67.5 అనే నాలుగు దొరికాయి. 68 అని రాసి ఉన్న నాలుగింటిలో ఒక్కటీ 68 కాదు, కానీ ఒకదానికొకటి సరిపోయాయి. మనకు కావలసింది అదే. నాలుగూ కలిసి ఒక శాతం పక్కకు ఉంటే ప్రీసెట్ చూసుకుంటుంది. ఒకటి మాత్రం వేరుగా ఉంటే ప్రీసెట్‌కు పని పెరుగుతుంది.

ఏరకుండా, సర్దుబాటు లేకుండా కడితే ఏమవుతుందో లెక్క చూడండి. 10 శాతం కెపాసిటర్లన్నీ ఒకే వైపు తప్పి నాచ్ 10 శాతం పక్కన పడిందనుకోండి. మనం కట్టబోయే ఫిల్టరులో అప్పుడు 50 హెర్ట్జ్ హమ్‌లో దాదాపు సగం అలాగే బయటికొస్తుంది. మొదటి ఫిర్యాదు పుట్టేది ఇక్కడే.

4. ఎంత ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలో నిర్ణయించండి

పాఠ్యపుస్తకాల్లో బొమ్మ వేసే ట్విన్-టికి C3, R3 కాళ్లు గ్రౌండులో ఉంటాయి. దాని Q విలువ 0.25. అంటే చాలా వెడల్పు. 12 హెర్ట్జ్ దగ్గర మొదలై 212 దాకా సిగ్నల్‌ను తినేస్తుంది. 10 హెర్ట్జ్ దగ్గర నాలుగో వంతు పోతుంది. 25 హెర్ట్జ్ దగ్గర మిగిలేది మూడో వంతే. గుండె కింది గదులు ముడుచుకునేటప్పుడు వచ్చే క్యూఆర్ఎస్ శక్తిలో ఎక్కువ భాగం ఈ మేరలోనే ఉంటుంది. ఆర్ శిఖరం చితికిపోవడానికి కారణం అదే.

దీనికి మందు: ఆ రెండు కాళ్లను గ్రౌండుకు కాకుండా, బయటికొచ్చిన సిగ్నల్లో k వంతుకు కట్టడం.

Q = 1 / (4(1 − k))

k = 0.9 పెడితే Q 2.5 అవుతుంది. నాచ్ 41 నుంచి 61 హెర్ట్జ్‌కు కుదించుకుపోతుంది. 25 హెర్ట్జ్ దగ్గర ఇప్పుడు 97 శాతం దాటుతుంది. నేను ఈసీజీకి ఇక్కడే ఆగుతాను.

"అయితే 0.99 పెడితే ఇంకా సన్నగా వస్తుంది కదా" అని అందరూ అడుగుతారు. వస్తుంది. రెండు ఇబ్బందులు కూడా వస్తాయి. నాచ్ ఎంత సన్నబడితే చిన్న తప్పుకు అంత పెద్ద శిక్ష పడుతుంది. కుదిర్చిన చోటు నుంచి తేడాను δ అనుకుంటే మిగిలే హమ్ సుమారు 2Qδ వంతు. మన గ్రిడ్ నియమావళి ఫ్రీక్వెన్సీని 49.90 నుంచి 50.05 మధ్య ఉంచమంటుంది. అంటే మీరు ఏ తప్పూ చేయకపోయినా కరెంటే 0.1 హెర్ట్జ్ పక్కకు జరగవచ్చు, అది 0.2 శాతం. Q 2.5 అయితే ఆ తేడాకు మిగిలే హమ్ వందో వంతు. Q 25 అయితే పదో వంతు. రెండో ఇబ్బంది మోత. సన్నని నాచ్ గంట లాంటిది, క్యూఆర్ఎస్ తగలగానే మోగుతుంది. ఆ మోత తగ్గే కాలం Q/(πf0). Q 2.5కి 16 మిల్లీసెకన్లు, Q 25కి 160. క్యూఆర్ఎస్ మొత్తం వెడల్పే 100 మిల్లీసెకన్లకు అటూఇటూ. కాబట్టి ఆ మోత దాని వెనక వచ్చే ఎస్‌టీ భాగం మీద అలలుగా పరుచుకుంటుంది. గుండెపోటు జాడను వైద్యులు వెతికేది ఆ భాగంలోనే. సన్నని నాచ్ అక్కడ లేని అలలు చూపిస్తే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

5. టంకానికి ముందు కంప్యూటరులో నడిపి చూడండి

ఎన్‌జీస్పైస్‌లో గాని, ఎల్‌టీస్పైస్‌లో గాని ఇది నడుస్తుంది:

```
* twin-T, k = 0.9
V1 in 0 AC 1
R1 in a 47k
R2 a out 47k
C3 a b 136n
C1 in c 68n
C2 c out 68n
R3 c b 23.5k
E1 b 0 out 0 0.9
.ac lin 991 1 100
.end
```

E1 వరసలోని 0.9 మన k. దాన్ని 0 చేసి ఒకసారి, 0.98 చేసి ఒకసారి గీత గీయించండి. ఆ తర్వాత C2ను 65n చేసి చూడండి. గుంత అడుగు ఎలా పైకి లేస్తుందో కంటితో చూస్తే మూడో మెట్టు ఎందుకు అంత ముఖ్యమో ఒంటబడుతుంది.

6. కట్టండి

పై జాబితాలోని బిందువుల పేర్లే ఇక్కడా వాడతాను.

మొదటి బఫరు అవుట్‌పుట్ మన in. అక్కడి నుంచి R1 స్థానంలో 39 కిలో, దానికి వరసలో 20 కిలో ప్రీసెట్ పెట్టండి. అది a బిందువుకు చేరాలి. a నుంచి out కు R2, స్థిరమైన 47 కిలో. a నుంచి b కు రెండు కెపాసిటర్లు సమాంతరంగా. in నుంచి c కు ఒక కెపాసిటరు, c నుంచి out కు ఇంకొకటి. c నుంచి b కు R3 స్థానంలో 18 కిలో, వరసలో 10 కిలో ప్రీసెట్.

out బిందువు రెండో ఆప్-ఆంప్ ప్లస్ కాలికి వెళ్తుంది. దాన్ని బఫరుగా కట్టండి. out కు ఇంకేదీ తగిలించకండి, స్కోపు ప్రోబు కూడా. చూడాలంటే బఫరు తర్వాతే చూడండి. ఆ బఫరు అవుట్‌పుట్ నుంచి 1 కిలో, దాని నుంచి గ్రౌండుకు 9.1 కిలో. ఈ రెంటి మధ్య బిందువులో 0.9 వంతు దొరుకుతుంది. దాన్ని మూడో ఆప్-ఆంప్ బఫరు ద్వారా b కు ఇవ్వండి.

ఈ మూడో బఫరును మిగిల్చుకోవాలని, పంపకం రెసిస్టర్ల మధ్య బిందువును నేరుగా b కు కలిపేవారున్నారు. అప్పుడు ఆ రెసిస్టర్ల నిరోధం C3, R3 శాఖలు రెంటిలోకీ దూరుతుంది, నాచ్ అడుగు లేస్తుంది. టీఎల్ 074లో ఖాళీగా ఉన్న ఆప్-ఆంప్‌ను వాడడానికి పిసినారితనం ఎందుకు?

b కు ఒక చిన్న జంపరు ఏర్పాటు ఉంచుకోండి: ఒకవైపు పెడితే గ్రౌండు, ఇంకోవైపు పెడితే మూడో బఫరు. సర్దుబాటులో పనికొస్తుంది. ఒకే బ్యాటరీతో నడిపేవారు గ్రౌండు అన్న ప్రతిచోటా బఫరు చేసిన సగం వోల్టేజీ అని చదువుకోండి.

7. జనరేటరును నిజమైన కరెంటుతో సరిపోల్చండి

పాత జనరేటరు తిప్పుడు మీద 50 అని ఉన్నచోట నిజంగా 51.5 ఉండవచ్చు. దాన్ని నమ్మి నాచ్ కుదిరిస్తే ఎంతో శ్రద్ధగా తప్పుచోట కుదిర్చినట్లవుతుంది. స్కోపు ట్రిగ్గరును లైన్ అన్న స్థానానికి మార్చండి. అప్పుడు స్కోపు గోడలోని కరెంటు లయకు గీస్తుంది. జనరేటరు తరంగం తెర మీద పక్కకు పాకుతుంటే రెంటికీ తేడా ఉన్నట్లు. పాకడం ఆగేదాకా జనరేటరును మెల్లగా తిప్పండి. జనరేటరు లేనివారు కంప్యూటరు హెడ్‌ఫోను సాకెట్ నుంచి 50 హెర్ట్జ్ సైన్ ధ్వనిని తీసుకోవచ్చు, దాని ఫ్రీక్వెన్సీ నిక్కచ్చిగా ఉంటుంది.

8. గుంత అడుగును వెతకండి

1. ఏడీ 620ని, ముందరి కెపాసిటరును విడదీసి జనరేటరును మొదటి బఫరుకు ఇవ్వండి. 2 వోల్టుల శిఖరం నుంచి శిఖరం సైన్ తరంగం చాలు.
2. జంపరును గ్రౌండుకు పెట్టండి. ఇప్పుడు నాచ్ వెడల్పుగా ఉంటుంది, అడుగును వెతకడం తేలిక. k మారినా అడుగు ఉండే చోటు మారదు.
3. R3 ప్రీసెట్‌ను తిప్పుతూ బఫరు అవుట్‌పుట్ అతి తక్కువయ్యే చోట ఆపండి. తర్వాత R1 ప్రీసెట్‌ను తిప్పి ఇంకా తగ్గించండి. మళ్లీ R3, మళ్లీ R1. నాలుగైదు విడతల్లో అడుగుకు చేరతారు. ఒక్క ప్రీసెట్‌తోనే పూర్తి చేయాలని చూడకండి. సున్నా కావడానికి రెండు షరతులు ఒకేసారి తీరాలి. R3 ఒక షరతునే కదిలిస్తుంది.
4. ఇప్పుడు జంపరును మూడో బఫరుకు మార్చండి. అవుట్‌పుట్ ఒక్కసారిగా పెరిగినట్లు కనిపిస్తుంది. చెడిపోయిందనుకోకండి. నాచ్ పది రెట్లు సన్నబడింది కాబట్టి మిగిలిన తప్పు పది రెట్లు పెద్దదై కనిపిస్తోంది. అదే రెండు ప్రీసెట్లను ఈసారి పావు చుట్టు కన్నా తక్కువగా కదిలిస్తూ మళ్లీ కుదించండి.

ఎప్పుడు ఆపాలి? 2 వోల్టులు 20 మిల్లీవోల్టుల కిందికి దిగితే వందో వంతు దాటినట్లే, ఈసీజీకి చాలు. అంతకన్నా నమ్మకమైన గుర్తు తరంగం రూపంలో ఉంది. అడుగు దగ్గరకొచ్చే కొద్దీ 20 మిల్లీసెకన్లకు ఒకసారి వచ్చే సైన్ తరంగం సన్నబడి, దాని స్థానంలో 10 మిల్లీసెకన్లదో 6.7 మిల్లీసెకన్లదో వంకర తరంగం పైకి తేలుతుంది. అది జనరేటరులోనే ఉన్న 100, 150 హెర్ట్జ్ మలినం. అది కనిపించిందంటే 50 మొత్తం పోయినట్లే. ఇక ప్రీసెట్లు తిప్పకండి. ప్రీసెట్ల తల మీద గోళ్ల రంగు చుక్క వేస్తే కదలకుండా ఉంటాయి.

ప్రీసెట్ చివరిదాకా తిరిగినా అడుగు దొరక్కపోతే C3లో ఒక కెపాసిటరు కాలు ఊడి ఉంటుంది, లేదా 683 అనుకుని 473 పెట్టి ఉంటారు. నేను ఈ రెండూ చేశాను.

9. మిగతా ఫ్రీక్వెన్సీలను కొలవండి

50 దగ్గర పోయింది సరే, ఈసీజీ మిగిలిందా లేదా అన్నది ఇప్పుడు తేలాలి. ఇన్‌పుట్‌ను 1 వోల్టు దగ్గర ఉంచి, నాచ్ బఫరు అవుట్‌పుట్ ఎంత వస్తుందో రాసుకోండి. రావలసినవి ఇవి:

- 10 హెర్ట్జ్: దాదాపు 1 వోల్టు
- 25 హెర్ట్జ్: 0.97
- 40 హెర్ట్జ్: 0.75
- 49 హెర్ట్జ్: 0.10
- 51 హెర్ట్జ్: 0.10
- 60 హెర్ట్జ్: 0.68
- 100 హెర్ట్జ్: 0.97

49, 51 దగ్గర రెండూ దాదాపు సమానంగా వస్తే నాచ్ నడిమధ్యన ఉన్నట్లు. 25 దగ్గర 0.35 వస్తే b ఇంకా గ్రౌండులోనే ఉంది, జంపరు మార్చడం మరిచారు. 9.1 కిలో, 1 కిలో తారుమారైతే k 0.1కి పడిపోయి నాచ్ వెడల్పుగానే మిగులుతుంది.

ఆపై జనరేటరును 2 హెర్ట్జ్ స్క్వేర్ తరంగానికి మార్చండి. ప్రతి అంచు తర్వాత చిన్న అలలు వచ్చి 50 మిల్లీసెకన్లలో అణిగిపోవాలి. అంతకన్నా చాలా ఎక్కువసేపు ఉంటే k మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ ఉంది.

10. ఇక మనిషి మీద

జనరేటరు, గోడ కరెంటు మీద నడిచే స్కోపు రెండూ తీసేయండి. చర్మం తుడిచి, జెల్ ఉన్న తాజా ఎలక్ట్రోడ్లు అతికించండి. తీగలను ఒకదానితో ఒకటి మెలివేయండి. ముందు నాచ్ లేకుండా, ఏడీ 620 దగ్గర హమ్ ఎంతుందో చూడండి. ఆర్ శిఖరం అక్కడ దాదాపు 10 మిల్లీవోల్టులు ఉంటుంది. హమ్ 60 మిల్లీవోల్టులుంటే నాచ్ దాన్ని 0.6కి దించుతుంది, గీత శుభ్రంగా కనిపిస్తుంది. హమ్ 600 ఉంటే మిగిలే 6 మిల్లీవోల్టులు ఆర్‌లో సగానికి పైనే. అప్పుడు మళ్లీ ప్రీసెట్ల జోలికి పోకండి. లోపం ఎలక్ట్రోడ్లలో ఉంది, లేదా కుడి కాలికి వెళ్లే మూడో తీగలో ఉంది. ఆ మూడో తీగకు సాదా గ్రౌండు బదులు, ఒంటి మీది హమ్‌ను తలకిందులు చేసి ఒంటికే తిరిగి పంపే కుడి కాలి డ్రైవ్ సర్క్యూట్ కడితే నాచ్‌కు అందే హమ్మే తగ్గిపోతుంది.

చివరి గీతలో ఇంకా వణుకు మిగిలితే అది ఏ జాతిదో చూడండి. ఆగకుండా, ఒకే ఎత్తులో, 20 మిల్లీసెకన్లకోసారి ఉంటే 50 హెర్ట్జ్, నాచ్ పక్కకు జరిగింది. ఆగకుండానే ఉండి 20 మిల్లీసెకన్లలో మూడు శిఖరాలు ఉంటే 150. దీన్ని ఈ నాచ్ ఏమీ చేయలేదు. చివరి ఆప్-ఆంప్‌లోని 100 కిలో మీద 10 నానో పెడితే కాస్త తగ్గుతుంది. ప్రతి క్యూఆర్ఎస్ వెనకే పుట్టి అణిగిపోతుంటే అది హమ్ కాదు, నాచ్ మోత, k తగ్గించండి. లయ లేకుండా ముళ్లలా ఉండి, చేతులు వదులు చేయగానే తగ్గితే అది కండరాల సిగ్నల్. కుర్చీలో వెనక్కి వాలి కూర్చోమనండి.

కండరాల సిగ్నలే మీ ప్రాజెక్టు అయితే ఈ ఫిల్టరు కట్టకండి. దాని శక్తిలో మంచి భాగం 50 హెర్ట్జ్ చుట్టూనే ఉంటుంది, హమ్‌తో పాటు దాన్నీ తవ్వి పారేస్తారు. అక్కడ ఎలక్ట్రోడ్ల దగ్గర, కుడి కాలి డ్రైవ్ దగ్గరే హమ్‌తో తేల్చుకోవాలి.